కోర ఉన్నదల్లా చిరుత కాదు

నల్లమల అంచున ఉన్న మా ఊరి బడిలో సైన్సు చెబుతాను. పిల్లలు వాగు పక్కన మర్రిచెట్టు కింద ఒక పుర్రె చూశామని నన్ను తీసుకెళ్లారు. కింది దవడ దొరకలేదు. కళ్ల గుంటలు రెండూ సూటిగా మన వైపే చూస్తున్నాయి. పైన రెండు కోరలు నా చిటికెన వేలంత ఉన్నాయి. కళ్లు ముందుకుంటే వేటాడేది, పక్కలకుంటే వేటాడబడేది అని పాఠంలో నేనే చెబుతాను కాబట్టి మాంసాహారి అన్నాను. చిరుతపిల్ల అన్న మాట ఊళ్లో పాకింది, ఇప్పుడు మేకల్ని ఆ వైపు తోలడం మానేశారు. మూడు ఫోటోలు పంపుతున్నాను. ఒకటి ఎదురుగా తీసింది. ఒకటి పైనుంచి, పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి తీసింది. మూడోది పిల్లలు తిరగేసి తీశారు, కాస్త మసకగా వచ్చింది. నేను చెప్పింది సరేనా?
— ఒక బడి మాస్టారు, ప్రకాశం జిల్లా

మాస్టారూ, మేకల్ని తోలుకోమనండి. అది కొండముచ్చు. బాగా ఎదిగిన మగ కొండముచ్చు. జీవితమంతా ఆకులు, కాయలు, పూలు నమిలిన జంతువు. మీరు పట్టుకున్న రెండు ఆనవాళ్లూ నిజమైనవే, కళ్లు ముందుకే ఉన్నాయి, కోరలు పొడుగ్గానే ఉన్నాయి. ఇబ్బందల్లా ఈ రెండూ కలిసి ఉండి కూడా మాంసం జోలికి పోని జంతువు మన చుట్టుపక్కల చెట్ల మీదే ఉండటం. తేల్చి చెప్పింది మీరు మసకగా వచ్చిందని చెప్పిన ఆ మూడో ఫోటో. మొదటి రెండే పంపి ఉంటే నేను ఇంత గట్టిగా చెప్పగలిగేవాణ్ణి కాదు.

ముందు కోర సంగతి. కోర చూడగానే మనకు మాంసం గుర్తొస్తుంది గానీ, కోర తినడానికి పనికొచ్చే పన్ను కాదు. పట్టుకోవడానికి, పొడవడానికి, బెదిరించడానికి పనికొచ్చేది. చిరుత దాంతో మెడ పట్టుకుంటుంది. మగ కొండముచ్చు ఇంకో మగదాని మీద నోరు తెరిచి చూపిస్తుంది, అవసరమైతే చీలుస్తుంది. గుంపును దక్కించుకోవడానికి మగవాటి మధ్య జరిగే పోట్లాటలు మీ ఊరివాళ్లు చూసే ఉంటారు. ఆడ కొండముచ్చుకు కోర బాగా చిన్నది. ఆడా మగా ఒకే ఆకులు తింటున్నప్పుడు మగదానికే ఇంత కోర ఉందంటే, ఆ కోరకూ తిండికీ సంబంధం లేదనే కదా. మన దగ్గరే ఇంకో ఉదాహరణ మూషిక జింక. హైదరాబాద్ నెహ్రూ జూలో పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలినది ఇదే. కుందేలంత ఉంటుంది, ఆకులూ రాలిన పళ్లూ తింటుంది, అయినా మగదానికి పైదవడలో సన్నటి కోరలు కిందికి దిగి ఉంటాయి. అడవిపంది కోరల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

కోర ఉందా లేదా అన్నదానికంటే ఎలాంటి కోర అన్నది ఎక్కువ చెబుతుంది. మీ మొదటి ఫోటోని పెద్దది చేసి చూస్తే ఎడమ కోర వెనక అంచు కత్తి వాదరలా పలచగా కనిపిస్తుంది. పిల్లి జాతి కోర అలా ఉండదు. అది ఇంచుమించు గుండ్రటి మేకులా ఉంటుంది, ఎందుకంటే కొట్టుకుంటున్న జంతువును పట్టి ఉంచినప్పుడు ఏ వైపు నుంచి లాగినా విరగకూడదు. కొండముచ్చు పైకోర వెనక అంచు, నోరు మూసి తెరిచినప్పుడల్లా కిందిదవడలో కోర వెనకే ఉన్న మొదటి దవడపన్ను మీద రాసుకుంటుంది. కొడవలి సానరాయి మీద నూరినట్టే. ఆ కింది పన్ను కూడా దీనికి తగ్గట్టు ముందుకు ఏటవాలుగా సాగి ఉంటుంది. కింది దవడ ఎప్పుడైనా దొరికితే ఆ సానరాయి పన్నును పిల్లలకు చూపించండి.

ఇక కోరల మధ్య ఎన్ని పళ్లు ఉన్నాయో లెక్కపెట్టండి. మూడో ఫోటోలో ఒక పన్ను ఊడిపోయింది, దాని గుంట మాత్రం కనిపిస్తోంది, గుంటను కూడా పన్ను కిందే లెక్కేయాలి. మొత్తం నాలుగు. వెడల్పుగా, పలకల్లాగా, మన ముందుపళ్లలాగే ఉన్నాయి. చిరుతకైతే ఆ చోట ఆరు ఉండాలి, అవీ చిన్నచిన్నగా, వరుసగా గుచ్చిన జొన్నగింజల్లా. కుక్కకూ ఆరే, ముంగిసకూ ఆరే. చిరుతపిల్ల అనుకున్నా పాలపళ్లు కూడా ఆరే ఉంటాయి. సరదా ఏమిటంటే పైదవడ మొత్తం పళ్లు లెక్కపెడితే చిరుతకూ కొండముచ్చుకూ సరిగ్గా పదహారే వస్తాయి. అందుకే ఊరికే పళ్ల సంఖ్య చెప్పి ఏ జంతువని అడిగితే నేను జవాబు చెప్పను. ఏ చోట ఎన్ని అన్నదే లెక్క.

ఈ నాలుగు, ఆరు లెక్కకు మీ అడవిలోనే ఒక మినహాయింపు ఉంది. ఎలుగుబంటికి పైన నడిమి రెండు పళ్లు ఉండవు, కాబట్టి దానికీ నాలుగే. చెదపుట్టలో మూతి పెట్టి చెదల్ని లోపలికి పీల్చుకోవడానికి ఆ సందు దానికి పనికొస్తుంది. అయితే ఎలుగుబంటి పుర్రె ముందు మీ పుర్రె బొమ్మలా ఉంటుంది, పొరబడే అవకాశం లేదు.

అసలు విషయం కోర వెనక ఉన్న పళ్లలో ఉంది. ఏ పుర్రె ఫోటో పంపినా నేను ముందు అక్కడికే పోతాను, కోర వైపు చివర్లో చూస్తాను. తిండిని ముక్కలు చేసేది ఆ పళ్లే కాబట్టి అవి అబద్ధం చెప్పలేవు.

మాంసం ముక్క చేయడం ఎలా ఉంటుందో కసాయి దగ్గర చూసే ఉంటారు. పచ్చి మాంసాన్ని రుబ్బితే పని జరగదు, కోయాలి. పిల్లి, కుక్క జాతుల్లో పైదవడలో ఒక పన్ను, కిందిదవడలో ఒక పన్ను ఈ కోత కోసమే పెద్దవై, పక్కలకు నొక్కినట్టు పలచబడి, కత్తి అలుగుల్లా తయారయ్యాయి. వీటిని కార్నాసియల్ పళ్లు అంటారు. నోరు మూసినప్పుడు కింది అలుగు పై అలుగుకు లోపలివైపుగా రాసుకుంటూ పైకి పోతుంది, అచ్చం కత్తెర రెండు రేకుల్లాగా. ఇంట్లో పిల్లి చేప తలను కొరికేటప్పుడు తల పక్కకు వాల్చి నోటి మూలతో కొరకడం గమనించారా? అలుగు ఉన్నది అక్కడే. చిరుతలో ఈ అలుగు పన్నుతోనే పైవరుస దాదాపు అయిపోతుంది. దాని వెనక, కాస్త లోపలికి, మెంతిగింజంత పన్ను ఒకటి నామమాత్రంగా ఉంటుంది. నమలడానికి తలం అంటూ పిల్లి జాతి నోట్లో ఎక్కడా లేదు. పిల్ల వయసులో పాలపళ్లకు కూడా ఇలాంటి అలుగే ఉంటుంది, కాబట్టి ‘పిల్ల కదా, ఇంకా పళ్లు రాలేదేమో’ అన్న వాదన నిలవదు.

ఇప్పుడు మీ మూడో ఫోటో తిప్పి చూడండి. కోర వెనక ఒక్కో పక్క ఐదు పళ్లు. ముందు రెండు చిన్నవి, వెనక మూడు పెద్దవి. ఆ మూడు పెద్దవాటి మీద ఫోటో మసకగా ఉన్నా ఒకటి స్పష్టంగా తెలుస్తోంది. ఒక్కో పన్ను నాలుగు బొడిపెలతో చదరంగా ఉంది. బొడిపెలు రెండేసి చొప్పున జతకట్టి, ఒక్కో జత మధ్య అడ్డంగా గట్టు ఉంది. అంటే ఒక్కో పన్ను మీద అడ్డంగా రెండు గట్లు, వాటి మధ్య ఒక లోయ. పక్కపక్కనే రెండు మడిగట్లు వేసినట్టు. పైపన్ను గట్టు కిందిపన్ను లోయలో పడుతుంది, ఆకు వాటి మధ్య తెగి నలుగుతుంది. కోతికీ, కొండముచ్చుకూ ఇద్దరికీ ఈ రెండు గట్ల పన్నే. కాకపోతే కొండముచ్చులో బొడిపెలు ఎత్తుగా, గట్లు పదునుగా, లోయ లోతుగా ఉంటుంది. కాయలూ గింజలూ మనం పెట్టిన అన్నమూ తినే కోతికి అంత పదును లేదు, బొడిపెలు కాస్త మొద్దు. ఆకు పీచు పదార్థం, ఎంత సన్నగా తెగితే కడుపులో అంత బాగా పులుస్తుంది. కొండముచ్చు కడుపు గదులు గదులుగా ఉండి ఆవు కడుపులాగే ఆకును పులియబెడుతుంది, అయితే నెమరువేయదు. అందుకే నోట్లో మొదటిసారే బాగా కోసి పంపాలి.

వెనక మూడో పన్ను కూడా పూర్తిగా దిగి ఉంది. మనకు జ్ఞానదంతం లాంటిది అది, ఎదిగాకే వస్తుంది. ముందున్న పెద్దపన్ను మీద గట్ల కొసలు అరిగి తెల్లటి అంచు మధ్య గోధుమరంగు మచ్చలు తేలాయి. పైన గట్టి పింగాణీ పొర అరిగి లోపలి మెత్తటి డెంటిన్ బయటపడితే అలా కనిపిస్తుంది. అంటే ఇది పిల్ల కాదు, ఏళ్ల తరబడి నమిలిన నోరు. మాంసాహారి పన్ను అరిగితే మచ్చ పైతలం మీద కాదు, అలుగు పక్కగోడ మీద నున్నటి పలకలా పడుతుంది. ఏ వైపు అరిగిందో చూస్తే దవడ ఎటు కదిలిందో తెలుస్తుంది.

పోల్చి చూపించడానికి మటన్ కొట్టు నుంచి ఒక మేక తల ఎముక తెప్పించుకోండి. ఉడకబెట్టి శుభ్రం చేస్తే తరగతిలో ఏళ్లపాటు పనికొస్తుంది. మేకకు పైదవడ ముందుభాగంలో పళ్లే ఉండవు. చాలామంది అది చూసి పళ్లు రాలిపోయాయనుకుంటారు. రాలితే గుంటలుండాలి, అక్కడ గుంటలు లేవు, నున్నటి ఎముకే. అక్కడ గట్టిపడిన చిగురు మెత్త ఉండేది, కిందిపళ్లు దానికి ఆనించి గడ్డిని తెంపేవి. ఆ తర్వాత చాలా దూరం ఖాళీ, ఆపైన దవడపళ్లు. వాటి తలం మీద నెలవంక ఆకారంలో గీతలు నిలువునా వరుసగా ఉంటాయి. ఆ గీతలు పొడుగ్గా పడి ఉన్నాయంటే దవడ పక్కలకు ఊగి రుబ్బుతోందన్నమాట. తిరగలి రాయి మీద గంట్లు పెట్టినట్టే. మీ పుర్రెలో గట్లు అడ్డంగా ఉన్నాయి, మేకలో నెలవంకలు నిలువుగా ఉన్నాయి, చిరుతలో తలమే లేదు. మూడూ ఒకసారి పక్కపక్కన చూసిన పిల్లాడు మళ్లీ పొరబడడు.

ఇక కళ్ల గుంటలు. మీరు చెప్పే సూత్రం తప్పు కాదు, కానీ దానికి ఉన్న పరిధి పాఠాల్లో రాయరు. నేల మీద గడ్డి మేసే జంతువుకు పక్కలకు కళ్లుంటే చుట్టూ కనిపిస్తుంది, వెనకనుంచి ఎవరొచ్చినా తెలుస్తుంది. పొంచి దూకే పిల్లికి రెండు కళ్లు ఒకేచోట కలిస్తే దూరం కచ్చితంగా అందుతుంది. ఈ రెండిటి మధ్య పోలిక పెట్టినంతవరకూ సూత్రం పనిచేస్తుంది. చెట్లెక్కే జాతి వచ్చేసరికి తప్పుతుంది. కోతి, కొండముచ్చు, మనిషి, అందరికీ కళ్లు ముందుకే. కొమ్మ నుంచి కొమ్మకు దూకాలంటే దూరం తెలియాలి కాబట్టి ఇలా వచ్చిందని చాలాకాలం చెప్పేవారు. 1970లలో మాట్ కార్ట్‌మిల్ అనే శాస్త్రవేత్త ఒక చిక్కు ప్రశ్న వేశాడు. ఉడుత కూడా కొమ్మల మీదే దూకుతుంది కదా, దాని కళ్లు పక్కలకే ఎందుకున్నాయి? కోతుల పూర్వీకులు సన్నకొమ్మల మీద పురుగుల్ని చేత్తో పట్టి తినేవని, కళ్లు ముందుకు వచ్చింది అందుకని ఆయన వాదన. కాదు, కొమ్మల చివర పళ్లు, పూలు అందుకోవడానికని ఇంకొందరన్నారు. ఎవరిది నిజమైనా మీ పుర్రెకు తేడా లేదు. ఎప్పుడో పూర్వీకులకు అమరిన కళ్లవి, ఇప్పటి తిండిని చెప్పవు. పళ్లు తినే పెద్ద గబ్బిలాన్ని చూడండి, ముందుకు చూసే పెద్ద కళ్లు, కోరలు కూడా ఉంటాయి. జామచెట్టు మీద దాని పని ఏమిటో మీకు తెలుసు.

ఇంకో మాట. ఎదురుగా తీసిన ఒక్క ఫోటోతో కళ్లు ముందుకున్నాయని ఎప్పుడూ అనొద్దు. ఫోనును పుర్రె ముక్కుకు దగ్గరగా పెట్టి తీస్తే ఏ జంతువు కళ్లైనా మన వైపు చూస్తున్నట్టే వస్తాయి. ఈ దెబ్బ నేను కూడా తిన్నాను. కొత్తగా పాఠాలు చెబుతున్న రోజుల్లో ఒక విద్యార్థి తెచ్చిన ఫోటో చూసి కుక్కజాతి అని చెప్పేశాను. వాడు మర్నాడు సంచిలోంచి తీసింది కొమ్ములు ఊడిన గొర్రె పుర్రె. వాడు ఏమీ అనలేదు, నవ్వాడంతే. అప్పటినుంచి నాకు పక్కనుంచి తీసిన ఫోటో లేనిదే నమ్మకం కుదరదు. పక్కనుంచి చూసినప్పుడు గుంట పూర్తి గుండ్రంగా, లోపలిదాకా కనిపిస్తే కన్ను పక్కకు చూసేది. గొర్రె, మేక, జింకల్లో ఇలాగే. పక్కనుంచి చూస్తే గుంట అంచు మాత్రమే గోడలా కనిపించి, లోపలి గుంట కనిపించకపోతే కన్ను ముందుకు చూసేది. మీరు పక్కనుంచి తీయలేదు గానీ పైనుంచి తీసినది ఉంది. అందులో గుంటల బయటి అంచులు రెండూ ముందుకు వచ్చి, ముక్కు మొదలు ఉన్న వరుసకు దగ్గరగా ఉన్నాయి. కాబట్టి ఇక్కడ ముందుకు చూడటం కెమెరా మాయ కాదు, నిజమే.

గుంట దిక్కు కన్నా గుంట వెనక ఏముందన్నది నాకు ఎక్కువ ఉపయోగపడింది. మీ మొదటి ఫోటోలో గుంటల్లోకి వెలుతురు బాగా పడింది. లోపల వెనకగోడ కనిపిస్తోంది, గిన్నెలా. చిన్న చీలికలు, నరం పోయే కన్నం తప్ప మిగతా అంతా మూసి ఉంది. ఇలా వెనక గోడ కట్టి ఉన్న కంటి గిన్నె కోతి జాతికీ మనిషికీ తప్ప మన అడవుల్లో ఇంకే పాలిచ్చే జంతువుకూ ఉండదు. నోటికి చెప్పేందుకు తేలికైన పరీక్ష ఇది. చిరుతలో అయితే గుంట వెనకవైపు తెరుచుకుని కణత దగ్గరి పెద్ద ఖాళీతో కలిసిపోతుంది. కంటి గుంటలో వేలు పెడితే చెంప ఎముక కమాను లోపలినుంచి వేలు వెనక్కి పోతుంది. బతికున్నప్పుడు ఆ ఖాళీ నిండా దవడను మూసే కండ ఉండేది. మేక, ఆవు, జింకల్లో మధ్యరకం. గుంట చుట్టూ ఎముక ఉంగరంలా పూర్తిగా కలిసి ఉంటుంది, కానీ వెనక గోడ లేదు, ఉంగరంలోంచి వెనక ఖాళీలోకి దారి ఉంటుంది.

ఉంగరం ఉంటే శాకాహారి, తెరిచి ఉంటే మాంసాహారి అని దీన్నుంచి ఇంకో సూత్రం చేసేయకండి. ఊరపందికి ఉంగరం కలవదు, కుందేలుకూ ఉడుతకూ కలవదు. పాముల్ని పట్టే ముంగిసకు పెద్దయ్యాక ఉంగరం కలిసే ఉంటుంది. గుంట ఆకారం జంతువు ఏ కుటుంబానిదో చెప్పడంలో సాయపడుతుంది. తిండి సంగతి మాత్రం పన్నునే అడగాలి.

పది రూపాయల బిళ్ల పెట్టినందుకు సంతోషం, చాలామంది పెట్టరు. ఆ బిళ్ల వెడల్పు 27 మిల్లీమీటర్లు. మీ ఫోటోలో పుర్రె పొడవు ఐదుంపావు బిళ్లలు వచ్చింది, అంటే 142 మిల్లీమీటర్లు. అయితే బిళ్ల నేల మీద ఉంది, పుర్రె వెడల్పాటి భాగం నేలకు దాదాపు ఐదు సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఫోను నేలకు ఒక అడుగు ఎత్తులో పట్టుకున్నారనుకుందాం, సుమారు 30 సెంటీమీటర్లు. అప్పుడు పుర్రె లెన్సుకు 25 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నట్టు, కాబట్టి బిళ్లతో పోలిస్తే ఐదోవంతు పెద్దదిగా పడుతుంది. 142ను 1.2తో భాగిస్తే 118 మిల్లీమీటర్లు, పన్నెండు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. ఎదిగిన మగ కొండముచ్చుకు సరిపోయే కొలత. ఎదిగిన చిరుత పుర్రె దీనికి ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది. కానీ కొలత ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇక్కడా పడిపోతాం, అడవిపిల్లి పుర్రె కూడా ఇంచుమించు ఇంతే. మళ్లీ తీసేటప్పుడు బిళ్లను నేల మీద కాకుండా అగ్గిపెట్టె మీదో రాయి మీదో ఎత్తిపెట్టి, పుర్రె అంచుతో సమానంగా ఉంచండి. ఫోనును దూరంగా, ఛాతీ ఎత్తులో పట్టుకుని జూమ్ చేస్తే ఈ తేడా చాలావరకు పోతుంది.

ఇలా పళ్లు చూసి చెప్పడంలో ఆగాల్సిన చోటు ఒకటుంది. ఆ నోరు ఏ తిండికి అమరిందో పళ్లు చెబుతాయి, ఆ ఒక్క జంతువు చివరి పూట ఏం తిన్నదో చెప్పవు. కొండముచ్చు అప్పుడప్పుడూ పురుగులు తినొచ్చు. ఊరకుక్క పెరుగన్నంతోనే బతికినా దాని నోట్లో కత్తెర పన్ను అలాగే ఉంటుంది. కుక్కకు ఆ అలుగు వెనక నలగ్గొట్టడానికి రెండు బొడిపెల పళ్లు కూడా ఉంటాయి, అందుకే అన్నం, ఎముక, ఏదైనా సర్దుకుంటుంది. అడవిపంది దవడపళ్లు మొద్దు బొడిపెలతో మన పళ్లలా ఉంటాయి, దుంపైనా పురుగైనా పనికొచ్చే పళ్లు. ఎలుగుబంటి పుట్టుక మాంసాహారుల వంశంలోనే, కోరలూ ఉన్నాయి, కానీ దాని దవడపళ్లలో అలుగు పదును పోయింది. తినేది చెదలు, తేనె, ఇప్పపూలు, రేగుపళ్లు. ఇలాంటివాటిని శాకాహారి, మాంసాహారి అని రెండు గడుల్లో ఒకదాంట్లో పెట్టమంటే నేను పెట్టను. మీరూ పిల్లల చేత పెట్టించకండి, ప్రశ్నపత్రం ఏమన్నా సరే.

పుర్రెను బడికి తెచ్చుకుందామని ఉంటుంది, తెచ్చుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం అడవిలో చచ్చిపడి దొరికిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అది చేతికొస్తే 48 గంటల్లో దగ్గరి పోలీసు స్టేషన్‌కో అటవీ అధికారికో తెలపాలి. దొరికిన చోటే వదిలేసి మీ బీటు ఆఫీసరుకు ఫోన్ చేయండి. పిల్లలు చేతుల్తో ముట్టుకున్నారు కాబట్టి సబ్బుతో కడుక్కున్నారో లేదో ఒకసారి కనుక్కోండి. తరగతికి మేక తల చాలు.

ఆఫీసరు వచ్చినప్పుడు మీరూ వెళ్లి రెండు ఫోటోలు తీసి పంపండి. ఒకటి పుర్రె పక్కనుంచి, కంటి ఎత్తులో. ఇంకొకటి ఎదురుగా, రెండు కళ్ల గుంటల మధ్య ఎముక వెడల్పు తెలిసేలా, ఒక స్కేలు ఆనించి. కొండముచ్చుకు ఆ మధ్య ఎముక వెడల్పు, మూతి పొట్టి. కోతికి అది ఇరుకు, మూతి పొడుగు. మీ ఫోటోలో వెడల్పుగానే కనిపిస్తోంది, దవడపళ్ల గట్లు కూడా అటే మొగ్గుతున్నాయి. అయినా కోతి కాదు కొండముచ్చే అని రాసి ఇవ్వాలంటే నాకు ఆ స్కేలు మీద అంకె కావాలి. కింది దవడ కోసం వాగు దిగువన చూడండి. వాన నీటికి అటు కొట్టుకుపోయి ఉండొచ్చు.